డీకాంట్‌లో ఉన్న పువ్వు బాటిల్‌లో లేదు. నకిలీదేనా?

నీలి_సీసా
రెండు నెలల కిందట ఒక పెర్ఫ్యూమ్ 5 మి.లీ. డీకాంట్, అంటే పెద్ద బాటిల్ నుంచి చిన్న సీసాలోకి తీసి అమ్మేది, తెప్పించుకున్నాను. అంతకుముందు ఎక్కడా వాసన చూసింది లేదు, రివ్యూలు చదివి తీసుకున్నదే. మొదట తెల్లపూల తడి వాసన, ఆ తర్వాత కలప, చివర్లో మెత్తటి మస్క్. మూడు వారాలు రోజు విడిచి రోజు వాడాను. నాకు కావాల్సింది ఇదే అనిపించింది. ఇంకో సైట్‌లో 100 మి.లీ. బాటిల్ తగ్గింపులో కనిపిస్తే కొనేశాను.

నిన్న వచ్చింది. స్ప్రే చేయగానే ఏదో పదునుగా ముక్కుకు తగిలింది, ఆ పువ్వు మాత్రం లేదు. గంట దాటాక నాకు ఏమీ తెలియడం లేదు. పెట్టె మీద బ్యాచ్ కోడ్, సీసా అడుగున కోడ్ రెండూ ఒకటే. కోడ్ చూసే సైట్‌లో కొడితే 2023 మార్చి అని వచ్చింది. సెలొఫేన్ చుట్టి ఉంది, క్యాప్ బరువుగానే ఉంది. డీకాంట్ ఇంకా ఒక మి.లీ. దాకా మిగిలింది. వాపసు గడువు ఆరు రోజులు. నకిలీ అని రాసి తిప్పి పంపేయనా? సంగతి తేలకుండా బ్రాండ్ పేరు, అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ పెట్టను.

కిరణ్_స్ప్రే
కోడ్ రెండు చోట్లా ఒకటే ఉంది, సైట్‌లో తేదీ కూడా వచ్చింది. ఇంకేం కావాలి? ఒరిజినలే. నకిలీ అయితే తేదీ రాదు.

మల్లెపందిరి
కిరణ్ గారూ, నా దగ్గర ఉన్న నకిలీకి తేదీ వచ్చిందండీ. ఈ రాత్రికి కూర్చుని వివరంగా రాస్తాను.

తడిమట్టి
డీకాంట్ సీసాల గొడవే ఇంత. నాకు వచ్చినవి మూడిట్లో ఒకటి దారిలోనే సగం కారిపోయింది. మూత దగ్గర మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి పంపమని అమ్మేవాళ్ళకు ముందే చెప్పండి. పంపు నొక్కిపెట్టి అతికించిన సీసా కన్నా మర తిప్పే సీసాలే ఎక్కువగా కారతాయి.

నీలి_సీసా
తడిమట్టి గారూ, నాది కారలేదండీ. డీకాంట్ బాగానే ఉంది, తేడా పెద్ద బాటిల్‌లోనే.

తడిమట్టి
అయ్యో, హడావిడిగా చదివాను. అయినా టేపు సంగతి ఎవరికైనా పనికొస్తుంది, ఉండనివ్వండి.

ముక్కుసూటి
కిరణ్, నువ్వన్నదాంట్లో సగం నిజం ఉంది. పెట్టె మీద ఒక కోడ్, సీసా మీద ఇంకో కోడ్ ఉంటే గట్టిగా అనుమానించాలి. కానీ రెండూ కలిసినంత మాత్రాన ఒరిజినల్ అని తేలదు. checkfresh.com లాంటి సైట్లు ఆ కోడ్ ఏ పద్ధతిలో ఉందో చూసి అది ఏ నెలకు సరిపోతుందో లెక్కగట్టి చెబుతాయి, అంతే. ఆ బ్యాచ్‌లో ఎన్ని సీసాలు తయారయ్యాయో, మీ చేతిలో ఉన్నది వాటిలో ఒకటో కాదో వాటికి తెలియదు. నకిలీ చేసేవాడు ఒక అసలు బాటిల్ కొని, దాని కోడ్‌నే వేల పెట్టెల మీద అచ్చు వేస్తాడు. ప్రతి పెట్టెకూ తేదీ వస్తుంది.

నీలి_సీసా గారూ, ముందు ఒక మాట. ఆ మిగిలిన మి.లీ. ఇక ఒంటికి కొట్టుకోకండి. మీ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. అలాగే బాటిల్ నుంచి కూడా చర్మం మీద వద్దు, కాగితం మీదే చూడండి. నకిలీల్లో మిథనాల్ దొరికిన సందర్భాలు ఉన్నాయి. ఈలోగా మూడు సంగతులు చెప్పండి. స్ప్రే గొట్టం ద్రవంలో ఎలా కనిపిస్తోంది? పెట్టె అడుగున పదార్థాల జాబితాలో ఏమేం పేర్లున్నాయి? డీకాంట్ అమ్మినవాళ్ళు ఏ బాటిల్ నుంచి తీశారు, దాని కోడ్ ఏంటి?

రాత్రిరైలు
దర్యాప్తు మొదలైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నా.

సుధ_పి
అందరూ బాటిల్‌నే నిలదీస్తున్నారు. డీకాంటే నకిలీ అయితే? బాటిల్‌కి పెట్టె, కోడ్, గాజు, క్యాప్ ఇన్ని ఉన్నాయి పట్టి చూడటానికి. డీకాంట్‌కి ఏముంది, తెల్ల సీసా మీద చేత్తో రాసిన చీటీ. నకిలీ ద్రవం అమ్ముకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. మీకు నచ్చిన ఆ పువ్వు ఎవరో కలిపిన పువ్వేమో!

నీలి_సీసా
సుధ గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. కడుపులో ఏదోలా ఉంది.

గొట్టం సన్నగా, పారదర్శకంగా ఉంది. ద్రవంలో మునిగినంత మేరా దాదాపు కనిపించడం లేదు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటేనే గీతలా తెలుస్తోంది. అడుగు దాకా వచ్చి ఆగింది, వంపు లేదు. పదార్థాల జాబితా చాలా చిన్న అక్షరాలు, ఫోటో తీసి పెద్దది చేసి చదవాలి. డీకాంట్ అమ్మిన ఆయనకు మెసేజ్ పెట్టాను.

మల్లెపందిరి
మాటిచ్చినట్టు నా సంగతి. గొట్టం గురించి అడగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది.

నేను కొన్నది టెస్టర్ అని అమ్మిన బాటిల్. టెస్టర్ అంటే షాపులో వాసన చూడటానికి పెట్టే బాటిల్, సాదా పెట్టె, ఒక్కోసారి క్యాప్ కూడా ఉండదు. కాబట్టి నకిలీవాడు అనుకరించాల్సింది తక్కువ, కొనేవాళ్ళు పోల్చి చూసేది తక్కువ. ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు. మొదటి పది నిమిషాలు అచ్చం అదే వాసన. ఎంత అచ్చం అంటే నేను రివ్యూ కూడా రాసి పెట్టేశాను. నలభై నిమిషాలకు తీపి తప్ప ఏమీ మిగల్లేదు, బట్టలకు పట్టిన చవక తీపి. రెండో రోజు మెడ మీద దద్దుర్లు. అప్పుడు బాటిల్‌ని సరిగా చూశాను. గొట్టం లావుగా, పాలరంగులో, సీసా అడుగున మెలి తిరిగి పడుకుని ఉంది. స్ప్రే సన్నటి మంచులా కాకుండా చినుకుల్లా పడేది. అడుగున కోడ్ వేలితో రుద్దితే చెదిరిపోయింది. ఆ కోడ్‌కే సైట్ నిక్షేపంగా తేదీ చూపించింది, కిరణ్ గారూ.

కానీ నాకు ఖాయంగా తేలింది మాత్రం షాపు కౌంటర్‌లో పెట్టిన బాటిల్ పక్కన పెట్టి చూశాకే. రెండు చేతుల్లో రెండూ పట్టుకుంటే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు.

కిరణ్_స్ప్రే
ఒప్పుకుంటున్నా. మూడేళ్ళుగా నేను కోడ్ చూసి నిశ్చింతగా ఉంటున్నాను. ఇవాళ రాత్రికి నా అల్మారా మొత్తం దించాల్సిందే.

సుధ_పి
గొట్టం కనిపించకపోవడం మంచి గుర్తే, కాదనను. కానీ అన్ని ఒరిజినళ్ళలోనూ అలాంటి గొట్టం ఉండదు. నా దగ్గర బ్రాండ్ సొంత షాపులో కొన్న బాటిల్‌కి తెల్ల గొట్టమే ఉంది. ఏ పెర్ఫ్యూమ్‌కి దాని సొంత బాటిల్‌తోనే పోల్చాలి.

ముక్కుసూటి
సుధ గారి మాట సరైనదే. రంగు విషయంలో కూడా అంతే. వెనిల్లిన్ ఎక్కువున్న ద్రవం కాలం గడిచే కొద్దీ ముదురుతుంది, రంగు చూసి నకిలీ అనేస్తే పొరపాటు.

నీలి_సీసా
జాబితా చదివాను. ఆల్కహాల్, పర్ఫ్యూమ్, నీళ్ళు, లిమొనీన్, లినలూల్, సిట్రొనెల్లోల్, కూమరిన్, ఇంకో మూడు నాలుగు. అన్నీ మామూలు పేర్లలాగే ఉన్నాయి. ఇందులో ఏం వెతకాలి?

ముక్కుసూటి
బ్యూటైల్‌ఫెనైల్ మిథైల్‌ప్రొపియొనాల్ అనే పేరు ఉందా?

నీలి_సీసా
రెండుసార్లు వెతికాను. లేదు.

ముక్కుసూటి
అయితే మీ పువ్వు ఎక్కడికి పోయిందో నాకొక ఊహ ఉంది. ఆ పేరుకు వాడుక పేరు లిలియల్. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ అనే చిన్న తెల్లపువ్వు వాసన తెప్పించడానికి దశాబ్దాల పాటు పెర్ఫ్యూమ్‌లు, సబ్బులు, షాంపూలన్నిటా వాడారు. మీరు మొదటి పోస్టులో ‘తెల్లపూల తడి వాసన’ అన్నప్పుడే అనుమానం వచ్చింది. సంతాన సామర్థ్యానికి హాని చేయవచ్చని వర్గీకరించి, 2022 మార్చి 1 నుంచి యూరోపియన్ యూనియన్ దాన్ని కాస్మెటిక్స్‌లో నిషేధించింది. ఆ తేదీ దగ్గరపడే సరికి బ్రాండ్లు తమ ఫార్ములాలు మార్చుకున్నాయి. పేరు అదే, పెట్టె అదే, లోపలి పువ్వు వేరే పదార్థాలతో కట్టిన పువ్వు.

మీ బాటిల్ 2023 మార్చిది. జాబితాలో లిలియల్ లేదు. తేదీకీ జాబితాకీ పొత్తు కుదిరింది. అదే 2023 కోడ్ ఉండి, జాబితాలో లిలియల్ ఉంటే నేను అనుమానించేవాణ్ణి. నకిలీవాళ్ళు పాత పెట్టెని స్కాన్ చేసి, కోడ్ మాత్రం కొత్తది వేస్తుంటారు. చిన్నక్షరాల జాబితా మార్చాలని వాళ్ళకు గుర్తుండదు.

ఇది నిర్ధారణ కాదు. యూరప్ బయట ఈ నియమం అలాగే ఉండదు, పాత అట్టపెట్టెలు మిగిలిపోయి వాడిన సందర్భాలూ ఉండొచ్చు. డీకాంట్ ఏ ఏడాది బాటిల్ నుంచి తీశారన్నదే ఇప్పుడు తేలాలి.

రాత్రిరైలు
చిన్నక్షరాలు చదివే మనుషులంటే నాకు గౌరవం. నేను ఇన్నాళ్ళూ పెట్టె చింపి పారేస్తున్నా.

మల్లెపందిరి
జాబితా పొడవు చూసి కూడా భయపడకండి. పేరు పెట్టి చెప్పాల్సిన అలర్జీ పదార్థాల సంఖ్యను 2023లో యూరప్ 80కి పైగా పెంచింది. కొత్తగా మార్కెట్లోకి వచ్చే సరుకు 2026 జూలై 31 నుంచి ఆ నియమం పాటించాలి. కాబట్టి పాత బాటిల్ ఫోటోలో పది పేర్లు, మీ కొత్తదాంట్లో ముప్పై పేర్లు ఉంటే అదొక్కటే నకిలీకి గుర్తు కాదు.

నీలి_సీసా
డీకాంట్ ఆయన జవాబిచ్చారు. బాటిల్, పెట్టె రెండింటి ఫోటోలు పంపారు, పక్కన కాగితం మీద నా హ్యాండిల్, ఇవాళ్టి తేదీ రాసి పెట్టి మరీ. కోడ్ ప్రకారం 2019. జాబితాలో ముక్కుసూటి గారు చెప్పిన పేరు ఉంది, నాలుగోది.

ముక్కుసూటి
చేతిరాతతో తేదీ పెట్టి పంపారంటే మంచి మనిషే. డీకాంట్ కొనే ముందే ఇలాంటి ఫోటో అడిగి ఉంటే మీకు ఈ తలనొప్పి ఉండేది కాదు. 2019 వాసన చూసి 2023 బాటిల్ కొన్నారు.

సుధ_పి
కథ అందంగా కుదిరింది. కుదిరిన కథ నిజమే కానక్కర్లేదు. గంట తర్వాత వాసన లేకపోవడం సంగతేంటి? లిలియల్ తీసేస్తే మొదట్లో పువ్వు పోతుంది సరే, చివర మస్క్ ఎందుకు పోవాలి? మల్లెపందిరి గారి నకిలీ కూడా గంటలోపే చచ్చిపోయింది. మీరు ఆ భాగాన్ని దాటవేశారు.

ముక్కుసూటి
దాటవేయలేదు, కానీ అడగాల్సింది మీరే అడిగారు. నీలి_సీసా గారూ, గంట తర్వాత ఇంట్లో ఇంకెవరికైనా తెలిసిందా? పెద్ద అణువుల మస్క్‌లు కొందరి ముక్కుకు అసలు అందవు. మరికొందరికి ముందు అందినా, పదునైన ఆరంభం పీల్చాక ముక్కు అలిసిపోయి ఆగిపోతుంది.

తడిమట్టి
ఈసారి సరిగా చదివే రాస్తున్నాను. మాలిక్యూల్ 01 అనే పెర్ఫ్యూమ్ కొన్నప్పుడు నాకు నీళ్ళు పోసి పంపారనిపించింది. అందులో సువాసన పదార్థం ఐసో ఈ సూపర్ ఒక్కటే. నాకు ఏమీ తెలియలేదు, లిఫ్ట్‌లో పక్కనున్నావిడ మాత్రం ఏం కొట్టుకున్నారని అడిగింది. నా ముక్కుకే అది అందడం లేదు. అప్పటినుంచి ‘వాసన నిలవలేదు’ అనే ముందు ఇంకో మనిషిని అడుగుతున్నాను.

నీలి_సీసా
మా ఆయన్ని అడిగాను. కాగితం మీద నాలుగు గంటలకు కూడా వాసన ఉందంటున్నారు. కానీ డీకాంట్ నాకు సాయంత్రం దాకా తెలిసేది కదా!

ముక్కుసూటి
అలాగైతే కళ్ళు మూసి తేల్చాలి. ఒక మి.లీ. సరిపోతుంది, కానీ పొదుపుగా చేయాలి.

రెండు చిన్న శుభ్రమైన గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో డీకాంట్ నుంచి ఐదారు స్ప్రేలు, ఇంకోదాంట్లో బాటిల్ నుంచి అన్నే. నేరుగా కాగితం మీద కొట్టకండి, రెండు పంపులూ ఒకే మోతాదు వదలవు. ఎక్కువ పడింది గట్టిగా అనిపిస్తుంది, అది మీరు నాణ్యత అనుకుంటారు. కాగితం పట్టీలు సెంటీమీటరు లోతు ముంచి తీస్తే మోతాదు సమానంగా ఉంటుంది. పట్టీ వెనక గుర్తు పెన్సిల్‌తో వేయాలి, పెన్ను సిరాకు వాసన ఉంటుంది.

ఇక మీవారికి పని. ప్రతి విడతకూ మూడు పట్టీలు, రెండు ఒకదానివి, ఒకటి ఇంకోదానిది. ఏవి రెండు, ఏది ఒకటి అన్నది ఆయన నాణెం ఎగరేసి నిర్ణయించాలి, మీకు తెలియకూడదు. మీరు వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఆరు విడతలు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగుతూ. ఊరికే ఊహించినా ఆరింటిలో రెండు తగులుతాయి. ఐదు గానీ ఆరు గానీ పట్టుకుంటే తేడా నిజమైనదే. అవే పట్టీలను ఐదు గంటల తర్వాత ఆయన మళ్ళీ కలిపి ఇవ్వాలి, మళ్ళీ ఆరు విడతలు. రెండో పరీక్షే అసలు సంగతి చెబుతుంది.

కిరణ్_స్ప్రే
భర్తగారి ఓపికకు కూడా పరీక్షే ఇది.

నీలి_సీసా
ఆదివారమంతా దీనికే పోయింది. మా ఆయన నాణెం ఎగరేయడంలో నాకన్నా ఎక్కువ ఉత్సాహం చూపించారు.

మొదటి పరీక్షలో ఆరింటికి ఆరూ పట్టుకున్నాను. కష్టమే కాలేదు, పువ్వు ఉన్నది ఒకవైపు, లేనిది ఒకవైపు. ఐదు గంటల తర్వాత ఆరింటిలో రెండే. రెండో విడత నుంచే ఊహించి చెబుతున్నానని నాకే తెలుస్తోంది. మూడు పట్టీలూ ఒకే కలప, ఒకే మస్క్. బాటిల్ పట్టీ నాకు స్పష్టంగా తెలిసింది, అదే నాకు ఆశ్చర్యం. ఒంటి మీద కొట్టుకున్న రోజు ఎందుకు తెలియలేదో మరి.

ముక్కుసూటి
ఒంటి మీద కొట్టుకున్న రోజు మీరు నకిలీనేమో అని నిమిషానికోసారి వాసన చూసి ఉంటారు. ముక్కు అలా అలిసిపోతుంది. డీకాంట్ రోజుల్లో కొట్టుకుని పనిలో పడిపోయారు, మధ్యలో గాలికి తగిలినప్పుడల్లా కొత్తగా తెలిసింది.

నా లెక్కలో ఇది అసలు బాటిలే, మారిన ఫార్ములా. నకిలీవాడు డబ్బంతా మొదటి పది నిమిషాల మీద పెడతాడు, ఎందుకంటే కొన్నవాళ్ళు పెట్టె తెరిచి చూసేది అప్పుడే. మీ దగ్గర దానికి పూర్తిగా తిరగబడింది. ఆరంభం వేరు, అడుగు ఒకటే.

సుధ_పి
నేను అంత దూరం రాలేను. ఈ మధ్య నకిలీల్లో అంబ్రాక్సాన్, మస్క్ గట్టిగా దట్టించి మరీ వస్తున్నాయి, చివరి దాకా నిలుస్తాయి. ఆరు విడతల్లో రెండు అంటే ‘తేడా దొరకలేదు’ అని, ‘తేడా లేదు’ అని కాదు. పైగా ఐదు గంటలకు కాగితం మీద చాలా పెర్ఫ్యూమ్‌లు ఒకేలా కనిపిస్తాయి. గొట్టం, జాబితా, కోడ్, ఈ పరీక్ష నాలుగూ కలిపితే అసలుదయ్యే అవకాశం ఎక్కువ, అంతవరకు ఒప్పుకుంటాను.

ముక్కుసూటి
నిలవడం వేరు, అదే అడుగు కావడం వేరు. గట్టి మస్క్ దట్టించిన నకిలీ అయితే మూడు పట్టీల్లో ఒకటి అరుస్తూ ఉండేది. కానీ ఆరు విడతలు తక్కువే అన్న మాట ఒప్పుకుంటాను. పన్నెండు చేయించాల్సింది, ద్రవం లేదు.

మల్లెపందిరి
షాపు కౌంటర్‌లో కొత్త బ్యాచ్ టెస్టర్ దొరికితే దాన్ని మూడోదిగా పెట్టి చూడండి. ఇప్పటిదాకా పోల్చింది పాతదానితోనే కదా.

నీలి_సీసా
అది దొరికే చోటు నాకు దగ్గర్లో లేదు మల్లెపందిరి గారూ. వెళ్ళినప్పుడు చూస్తాను.

వాపసు గడువు రేపటితో అయిపోతుంది. ఫారంలో ఉన్న కారణాలు రెండే, ‘పగిలింది’, ‘నకిలీ’. నకిలీ అని పెడితే డబ్బు వచ్చేస్తుంది. కానీ ఇదంతా చూశాక ఆ గడిలో టిక్కు పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

కిరణ్_స్ప్రే
అనుమానం ఉందని పెట్టొచ్చుగా, సుధ గారు కూడా పూర్తిగా ఒప్పుకోలేదు.

సుధ_పి
నా అనుమానం నా దగ్గరే ఉంచుతాను కిరణ్. అమ్మినవాళ్ళ మీద నకిలీ ముద్ర వేయడానికి అది సరిపోదు.

నీలి_సీసా
వాపసు పెట్టలేదు. పాత ఫార్ములాతో పోల్చకుండా రెండు వారాలు వాడి చూస్తాను. డీకాంట్ ఆయన్ని 2019 బాటిల్‌లో ఇంకా ఎంత ఉందని అడిగితే 30 మి.లీ. దాకా ఉందన్నారు. పది నాకు పక్కన పెట్టమన్నాను.

కిరణ్_స్ప్రే
అల్మారా దించాను. పదకొండు బాటిళ్ళు. ఒకదాని కోడ్ 2024, పెట్టె మీద జాబితాలో బ్యూటైల్‌ఫెనైల్ అని మొదలయ్యే ఆ పేరే ఉంది. గొట్టం మాత్రం కనిపించడం లేదు. ముక్కుసూటి అన్నా, ఉన్నావా?